స్టెంట్ వేశాక నడక: ఎంతతో మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగాలి

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. 12 రోజుల కిందట గుండెపోటు వచ్చింది, చేతి మణికట్టు నుంచి వెళ్లి ఒక స్టెంట్ వేశారు. ఎకోలో పంపింగ్ 45 శాతం అన్నారు. షుగర్ ఉంది. మెటోప్రోలాల్, టికాగ్రెలార్, ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నారు. డిశ్చార్జ్ కాగితంలో ‘రోజూ నడవండి’ అని తప్ప ఇంకేం లేదు. ఇంటికొచ్చిన మూడో రోజే పాత అలవాటు కొద్దీ 40 నిమిషాలు నడిచొచ్చారు. దారిలో గుండె మీద బరువుగా అనిపించి, అరుగు మీద కూర్చుంటే తగ్గిందట. గ్యాసే అంటున్నారు. అప్పట్నుంచి అమ్మ ఆయన్ను మంచం దిగనివ్వట్లేదు. చేతి వాచీ మాత్రం నాడి 162 దాకా వెళ్లొచ్చని చూపిస్తోంది, ఊరికే కూర్చున్నప్పుడు 64 ఉంటుంది. ఎంత నడవాలి, ఏం కనిపిస్తే ఆగాలి? తిరుమలకు నడిచొస్తానని మొక్కుకున్నారు, ఎప్పుడు పంపొచ్చు?
– ఒక కూతురు, ఖమ్మం

సమాధానం: నడక లెక్కలు తర్వాత చూద్దాం. ముందు ఆ బరువు సంగతి తేలాలి, అదీ ఈరోజే. గ్యాస్‌కి నడకతో సంబంధం ఉండదు. అది తిన్నదాన్ని బట్టి వస్తుంది, వంగినా పడుకున్నా పెరుగుతుంది, త్రేన్పు వస్తే కాస్త సర్దుకుంటుంది. నడుస్తుంటే వచ్చి, కూర్చున్న కొద్ది నిమిషాల్లో తగ్గిపోయే బరువు వేరు. గుండె కండరం అడిగినంత రక్తం దానికి అందనప్పుడు వచ్చేది అలాగే ఉంటుంది. యాంజైనా అనేది దాన్నే. ఒక స్టెంట్ వేశారంటే గుండెపోటు తెచ్చిన ఒక్క అడ్డును తీశారని అర్థం. మిగతా రక్తనాళాల్లో ఇంకో అడ్డు ఉండి, దాన్ని తర్వాత చూద్దామని వదిలి ఉండవచ్చు. అరుదుగా కొత్త స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టడం మొదలవుతుంది. ఈ రెండింటిలో ఏదీ ఇంట్లో కూర్చుని తేల్చుకునేది కాదు.

యాంజియోగ్రామ్ రిపోర్టు, డిశ్చార్జ్ కాగితం తీసుకుని గుండె డాక్టరు దగ్గరికి వెళ్లండి. ‘ఎంతసేపు నడిచాక వచ్చింది, ఎంతసేపట్లో తగ్గింది, తర్వాత మళ్లీ వచ్చిందా’ అన్న మూడు సంగతులూ నాన్నగారి నోటితోనే చెప్పించండి. ఈసీజీ తీస్తారు, అవసరమనుకుంటే రక్తపరీక్షో ఇంకో పరీక్షో చేస్తారు. డాక్టరు నడవొచ్చన్నాకే కింద రాసిన లెక్క మొదలవుతుంది. అప్పటిదాకా స్నానానికి, భోజనానికి లేవడం, ఇంట్లో నాలుగడుగులు వేయడం చాలు. ఈలోగా కూర్చుని ఉండగానో నిద్రలోనో ఆ బరువు వస్తే డాక్టరు అపాయింట్‌మెంటు కోసం చూడకూడదు, 108కి ఫోన్ చేయాలి.

అమ్మగారి భయం న్యాయమైనదే కానీ రోజంతా మంచం మీద ఉంచడం మందు కాదు. వారం పాటు పడుకుంటే కాళ్ల కండరాలు మెత్తబడతాయి, లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఆ తర్వాత పది అడుగులకే ఆయాసం వస్తుంది, అది చూసి ఇంట్లోవాళ్లు ఇంకా భయపడతారు. డాక్టరు అనుమతి వచ్చేదాకా కూడా పగలు ఎక్కువసేపు కుర్చీలో కూర్చోనివ్వండి.

ఇక వాచీ చూపించే 162. అది 220 లోంచి వయసు తీసేసిన అంకె. ఆరోగ్యంగా ఉన్నవారికి కూడా అది గరిష్ఠం గురించిన అంచనానే, చేరుకోవాల్సిన గమ్యం కాదు. మీ నాన్నగారి విషయంలో అది బొత్తిగా పనికిరాదు. మెటోప్రోలాల్ పనే గుండె వేగాన్ని అదుపులో పెట్టడం. ఎంత శ్రమపడినా నాడి మునుపటిలా పెరగదు. కాబట్టి ‘ఇంకా 162 రాలేదు కదా’ అని వేగం పెంచుకుంటూ పోతే, నాడి తక్కువగానే కనిపిస్తూ గుండె మాత్రం తట్టుకోలేని చోటికి చేరుతుంది. గుండెపోటు తర్వాత, కదిలే పట్టా మీద నడిపిస్తూ ఈసీజీ చూసే టీఎంటీ పరీక్ష చేసేదాకా వాడే కొలత సులువైనది: విశ్రాంతిలో ఉన్న నాడికి 20 కలపాలి. ఆయనకు 64 కాబట్టి 84. నడిచేటప్పుడు అది దాటకూడదు. దాన్ని చేరి తీరాలని కూడా లేదు, 76 దగ్గరే హాయిగా నడక సాగితే అది మంచి నడకే.

నాడిని వాచీతో పాటు చేత్తోనూ చూడటం నేర్పండి. స్టెంట్ వేయడానికి వాడిన చెయ్యి కాకుండా రెండో చేతి మణికట్టు మీద, బొటనవేలి మొదలు కిందుగా, చూపుడు వేలూ మధ్యవేలూ ఆనించి 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయాలి. బొటనవేలితో చూడకూడదు, దానికి సొంత నాడి ఉంటుంది. ఆగిన వెంటనే చూడాలి, రెండు నిమిషాలు ఆలస్యమైతే అంకె పడిపోయి మోసం చేస్తుంది. వాచీలు అంకె బాగానే చెప్పినా కొట్టుకోవడంలో లయ తప్పితే చాలాసార్లు పసిగట్టవు, వేళ్లకు అది తెలుస్తుంది.

నాడి కంటే నమ్మదగినది ఊపిరి. పక్కన నడుస్తున్న మీతో ఆగకుండా రెండు మూడు వాక్యాలు మాట్లాడగలగాలి. మాటకీ మాటకీ మధ్య గాలి పీల్చుకుంటున్నారంటే వేగం ఎక్కువైంది. రిహాబ్ కేంద్రాల్లో శ్రమను 6 నుంచి 20 దాకా అంకెల్లో చెప్పమంటారు. అందులో 11 అంటే తేలిగ్గా ఉంది, 13 అంటే కాస్త కష్టంగా ఉంది. మొదటి ఆరు వారాలు ఆయన చెప్పే అంకె 11 దగ్గర మొదలై 13 దాటకుండా ఉండాలి. మగవాళ్లు ఇక్కడ అబద్ధం ఆడతారు. అందుకే అంకెతో పాటు మాటలు కూడా గమనించమంటున్నాను.

అనుమతి వచ్చాక మొదటి వారం ఐదేసి నిమిషాల నడక, రోజుకు మూడుసార్లు. ఇంట్లో హాలు పది మీటర్లు ఉంటే అటూ ఇటూ 25 సార్లు తిరిగితే 250 మీటర్లు అవుతుంది. దానికి ఐదు నిమిషాలు పడితే గంటకు 3 కిలోమీటర్ల వేగం, ఇప్పటికి అది చాలు. చివర్లలో గిరుక్కున తిరగకుండా నెమ్మదిగా మళ్లాలి, ఈ మందులతో తల తిరగడం మామూలే. రెండో వారం ఎనిమిది నుంచి పది నిమిషాలు, రోజుకు రెండుమూడు సార్లు. మూడో వారం పదిహేను నిమిషాలు, రెండుసార్లు. నాలుగో వారానికి పొద్దున్న ఇరవై, సాయంత్రం పది. ఐదో వారం ఒక్కసారే ఇరవై ఐదు, ఆరో వారం ముప్పై. ఇది పైహద్దే తప్ప అందుకోవాల్సిన మార్కు కాదు. రెండు రోజులు వరసగా ఏ ఇబ్బందీ లేకుండా గడిస్తేనే రెండు నిమిషాలు కలపాలి. మూడో వారం లెక్క దగ్గరే పది రోజులు ఉండిపోయినా నష్టం లేదు. జ్వరమో విరేచనాలో వచ్చి నాలుగు రోజులు ఆగిపోతే, తిరిగి మొదలుపెట్టేటప్పుడు ఒక వారం వెనక్కి వెళ్లాలి.

ముందు నిమిషాలు పెంచాలి. ముప్పై నిమిషాలు సాఫీగా వచ్చాక వేగం, ఆ తర్వాతే ఎత్తు. వీటిలో ఏ రెండైనా ఒకేసారి పెంచితే, ఇబ్బంది వచ్చినప్పుడు దేనివల్ల వచ్చిందో తెలియదు. చేతిలో బరువున్నా ఎత్తు ఎక్కినట్టే లెక్క. రైతు బజారు నుంచి రెండు చేతులా కూరల సంచులు బిగించి పట్టుకుని వస్తే బీపీ పెరుగుతుంది, అదే దూరం వట్టి చేతులతో నడిచినప్పటి నాడి, ఊపిరి లెక్కలేవీ అక్కడ పనికిరావు. నడక వేరు, సంచి మోయడం వేరు అని ఇప్పుడే చెప్పేయండి.

ప్రతి నడకకూ ముందూ వెనకా నెమ్మది నడక ఉండాలి. ఐదు నిమిషాల నడకలో మొదటి నిమిషం, చివరి నిమిషం మరీ నెమ్మదిగా వేస్తే సరిపోతుంది. నడక పదిహేను నిమిషాలకు చేరాక మొదట ఐదు, చివర ఐదు నిమిషాలు అలా ఉండాలి. ఇవి ఆ పదిహేనులో భాగం కావు, అదనం. మొదటిది గుండె రక్తనాళాలు మెల్లగా తెరుచుకోవడానికి. చివరిది ఎక్కువమంది వదిలేస్తారు, నా దృష్టిలో అదే ముఖ్యం. నడుస్తున్నప్పుడు కాళ్లలో రక్తనాళాలు వెడల్పవుతాయి, పిక్కలు బిగుస్తూ వదులవుతూ రక్తాన్ని పైకి నెడుతుంటాయి. ఠక్కున ఆగి నిలబడితే ఆ నెట్టుడు ఆగుతుంది, రక్తం కాళ్లలో నిలుస్తుంది, బీపీ పడుతుంది. నడక బాగానే చేసి గేటు దగ్గర ఆగి ఎవరితోనో మాట్లాడుతూ పడిపోయేవారికి జరిగేది ఇదే. నడిచొచ్చిన వెంటనే వేడినీళ్ల స్నానం చేసినా అంతే. పదిహేను, ఇరవై నిమిషాలు ఆగాలి.

బయటికి వెళ్లడం మొదలుపెట్టాక దూరంగా వెళ్లి తిరిగొచ్చే దారి వద్దు. ఇంటి చుట్టూ చిన్న వీధి చుట్టు పెట్టుకుని అదే రెండు మూడుసార్లు తిరగాలి. పది నిమిషాలు ముందుకు వెళ్లాక బరువు వస్తే, ఇంటికి చేరడానికి మళ్లీ పది నిమిషాలు నడవాల్సి వస్తుంది. మొన్న అరుగు దొరికింది, ప్రతిసారీ దొరక్కపోవచ్చు. మొదటి రెండు మూడు వారాలు పక్కన మనిషి ఉండాలి. జేబులో ఫోను, వాడే మందుల పేర్లు రాసిన చీటీ, డాక్టరు రాసిచ్చి ఉంటే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్రలు. రాసివ్వకపోతే ఎందుకివ్వలేదో ఈ రాకపోకల్లోనే అడగండి.

ఖమ్మం ఎండల సంగతి మీకు చెప్పక్కర్లేదు. వేడిలో చర్మానికి ఎక్కువ రక్తం పంపాలి కాబట్టి అదే నడకకు గుండె ఎక్కువ పని చేస్తుంది. వేసవిలో పొద్దున్న ఏడు లోపే ముగించాలి, లేదంటే ఫ్యాను కింద హాల్లోనే నడవాలి. భోజనం చేశాక కనీసం గంటన్నర ఆగాలి. షుగర్ కోసం తిన్న వెంటనే నడవమని చెప్పేవాళ్లుంటారు, అది ఈ ఆరు వారాలకు కాదు.

షుగర్ మాట వచ్చింది కాబట్టి ఒక చిక్కు చెప్పాలి. గ్లిమెపిరైడ్ షుగర్‌ని మరీ కిందికి దించగలదు. అలా పడిపోయినప్పుడు మామూలుగా గుండె దడదడలాడి, చేతులు వణికి హెచ్చరిస్తాయి. మెటోప్రోలాల్ ఆ దడనూ వణుకునూ కప్పేస్తుంది, చెమట మాత్రం పడుతుంది. గుండెపోటులోనూ చెమట పడుతుంది. నడక మధ్యలో చెమటలు పట్టి నీరసిస్తే రెంటిలో ఏదో చూపుతో తెలియదు. అందుకే నడకకు ముందు గ్లూకోమీటరుతో చూసుకోవడం అలవాటు చేయండి. 100 కంటే తక్కువుంటే రెండు బిస్కెట్లో అరగ్లాసు పాలో తీసుకుని పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడాలి. జేబులో గ్లూకోజ్ పొడి పొట్లం ఉండాలి. నడవకూడని రోజులూ ఉంటాయి: జ్వరం ఉన్నా, కూర్చుని ఉండగానే నాడి 100 దాటినా, పై బీపీ 180 కానీ కింది బీపీ 110 కానీ దాటినా ఆరోజు నడక లేదు, డాక్టరుకు ఫోను ఉంది. రాత్రి ఛాతీలో నొప్పి వస్తే మాత్రం ముందే చెప్పినట్టు 108.

ఇప్పుడు ఆగాల్సిన గుర్తులు. ఛాతీలో నొప్పే రావాలని చూడకండి. షుగర్ ఉన్నవారిలో నరాలు మొద్దుబారడం వల్ల నొప్పి తెలియకపోవచ్చు. బరువు, బిగుతు, మంట, గొంతు పట్టేసినట్టుండటం, కింది దవడ లాగడం, ఎడమ చెయ్యో రెండు చేతులో బరువెక్కడం, రెండు భుజాల మధ్య వీపులో పోటు, ఉన్నట్టుండి వాంతి వచ్చేలా ఉండటం, ఒక్క మాట కూడా పూర్తి చేయలేనంత ఆయాసం, చల్లటి చెమట, కళ్లు చీకట్లు కమ్మడం: వీటిలో ఒక్కటి చాలు. పాపం, ‘ఆ మూల దాకా వెళ్లి ఆగుతా’ అనుకుంటారు. ఆ మూల దాకా వద్దు, ఉన్నచోటే ఆగాలి, కూర్చోవాలి.

కూర్చున్నాక సార్బిట్రేట్ మాత్ర ఒకటి నాలుక కింద పెట్టుకోవాలి, మింగకూడదు. నిలబడి వేసుకుంటే బీపీ పడిపోయి కూలిపోతారు, అందుకే కూర్చున్నాకే. వయాగ్రా తరహా మాత్రలు గత రెండు రోజుల్లో వాడి ఉంటే ఇది వేసుకోకూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. ఈ ప్రశ్న కూతురిగా మీరు అడగలేరు, డాక్టరుతో అడిగించండి. ఐదు నిమిషాలకు నొప్పి పూర్తిగా పోకపోతే 108. మాత్ర దగ్గర లేకపోయినా లెక్క అదే. స్పృహ తప్పినా, చల్లటి చెమటతో పాలిపోయినా ఆ ఐదు నిమిషాలు కూడా ఆగకూడదు. బండి వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లకండి, దారిలో లయ తప్పితే మీరేమీ చేయలేరు. సోడా తాగించి చూడటం, దగ్గర్లో గ్యాస్ ఇంజెక్షన్ చేయించడం – గుండె కండరం పోయే ఆ గంటను మన ఊళ్లలో ఎక్కువగా తినేసేవి ఇవే. నొప్పి తగ్గిపోయినా ఆరోజు మళ్లీ నడవకూడదు, అదేరోజు డాక్టరుకు చెప్పాలి. ముందు 15 నిమిషాలకు వచ్చేది ఇప్పుడు 8 నిమిషాలకే వస్తోందంటే అది పెరుగుతున్న జబ్బు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిన సంగతి.

కొన్ని గుర్తులు నడకలో కాక తర్వాత కనిపిస్తాయి. ఆగిన పది నిమిషాలకు కూడా నాడి మొదటి అంకె దగ్గరికి రాకపోయినా, ఆ మధ్యాహ్నమంతా ఒళ్లు వాలిపోయినా, మర్నాడు పొద్దున్న లేవగానే అలసటగా ఉన్నా నిన్నటి నడక ఎక్కువైనట్టే. మూడో వంతు తగ్గించండి. గుండె పంపింగ్ 45 శాతానికి తగ్గింది కాబట్టి ఇంకొకటి కూడా: రోజూ పొద్దున్న మూత్రానికి వెళ్లొచ్చాక, టిఫిన్ కంటే ముందు, అదే తూకం మిషన్ మీద బరువు చూసి క్యాలెండర్ మీద రాయండి. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, ఒంట్లో నీరు. పాదాల వాపు, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం దాంతో పాటు వస్తాయి. అప్పుడు నడక ఆపి డాక్టరుకు చూపించాలి.

ఆయాసం విషయంలో టికాగ్రెలార్ ఒక తికమక పెడుతుంది. కొందరికి ఆ మందు వల్లే, ఊరికే కూర్చుని ఉన్నా, గాలి చాలనట్టు నిట్టూర్పులు వస్తాయి. నడకకూ దానికీ పొంతన ఉండదు, కాసేపటికి పోతుంది. గుండె వల్ల వచ్చే ఆయాసం నడిస్తే పెరుగుతుంది, పడుకున్నా పెరుగుతుంది. తేడా ఇదే అయినా నిర్ణయం డాక్టరుదే, అవసరమైతే మందు మారుస్తారు. మీ అంతట మీరు ఒక్కరోజు కూడా మానిపించవద్దు. కొత్త స్టెంట్‌లో గడ్డ కట్టకుండా కాపాడుతున్నది ఆ మాత్రా, ఆస్పిరినూ.

తిరుమల గురించి. అలిపిరి దారిలో 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లే, దూరమూ 2 కిలోమీటర్లకు కాస్త ఎక్కువే కాబట్టి సులువనుకుంటారు, కానీ ఎక్కుడు నిటారుగా ఉంటుంది. కొలతల్లో చెప్తాను. ఊరికే కూర్చున్నప్పుడు ఒంటికి కావాల్సిన ప్రాణవాయువును 1 అనుకుంటే, చదును మీద గంటకు 4 కిలోమీటర్ల నడకకు దాదాపు 3 రెట్లు కావాలి. మెట్లు ఎక్కుతూ పోవడానికి వేగాన్ని బట్టి 5 నుంచి 8 రెట్లు, అదీ గంటల తరబడి. ఆరు వారాలు చదునుగా నడిచినంత మాత్రాన ఆ శక్తి ఉందని అనుకోలేం.

ఆరు వారాల నడక ముగిశాక టీఎంటీ గురించి డాక్టరును అడగండి. మామూలుగా వాడే బ్రూస్ పద్ధతిలో మూడేసి నిమిషాలకు ఒక మెట్టు చొప్పున వేగమూ వాలూ పెరుగుతాయి. మొదటి మెట్టు పూర్తి చేస్తే దాదాపు 5 రెట్లు, రెండోది 7, మూడోది 10. మందులు వాడుతూనే చేయించాలా అన్నది ఆయన చెప్తారు. మీకు కావాల్సింది వాడుతూ ఎంత చేయగలరన్నదే, అది అడగండి. నొప్పి లేకుండా, ఈసీజీలో మార్పు లేకుండా మూడో మెట్టు దాటితే కొండ గురించి మాట్లాడుకోవచ్చు. ఆ తర్వాత కూడా ఇంటి మెట్లతో సాధన చేయాలి. మొదట ఒక అంతస్తు, మెట్టు మెట్టుకూ రెండు పాదాలూ ఆనించి. అది తేలికయ్యాక రెండు అంతస్తులు, తర్వాత ఆగి ఆగి నాలుగు. టీఎంటీలో రెండో మెట్టులోనే ఆగిపోతే, ఆ ఫలితాన్ని బట్టి డాక్టరు మిగతా బ్లాకుల సంగతి చూస్తారు. ఈలోగా మొక్కు ఆగదు అంటే కొండ పైకి బస్సులో తీసుకెళ్లండి. అయితే క్యూలో గంటల తరబడి నిలబడటం కూడా ఆయన కాళ్లకు, బీపీకి పనే, కాబట్టి అది కూడా ఆరు వారాలు దాటాకే. మందుల డబ్బా, గ్లూకోమీటరు సామాన్ల సంచిలో కాకుండా మీ చేతి సంచిలో పెట్టుకోండి.